రెండో నంబరు

మా ఆయన పోయాక నా ఫోను మోగడం మానేసింది. అప్పుడప్పుడు లోను ఇస్తామంటూ ఎవరో ఒకరు చేసేవారు. సిగ్గు లేకుండా వాళ్లతోనే కాసేపు కబుర్లాడేదాన్ని. పిల్లల్లేరు. తెలుగు టీచరుగా రిటైరై బొబ్బిలిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. అందుకే మా వీధి చివరి ప్రైవేటు బడివాళ్లు పిల్లల ఆరోగ్య ఫారాన్ని తెలుగు చేసిపెట్టమంటే ఎగిరి గంతేశాను.

అందులో అనఫిలాక్సిస్ అని ఒక మాట. 'తీవ్రమైన అలర్జీ' అని రాసి ఊరుకోమన్నాడు హెడ్మాస్టరు. ఊరుకుంటానా? మా వైపు అలర్జీ అంటే దురద, దద్దుర్లు. మాత్ర వేసుకుని పడుకుంటారు. 'పడని పదార్థం తిన్న కాసేపటికే పెదాలు, నాలుక వాచి, ఊపిరి అందక బిడ్డ ప్రాణం పోవచ్చు. మాత్ర వేసి చూద్దామనుకోకండి. వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షను పడాలి. 108కి ఫోన్ చేయండి' అని రాశాను. తల్లిదండ్రులు హడలిపోతారన్నాడు. హడలనివ్వండి అన్నాను.

ఫారాలు నింపే రోజున సాయానికి నన్నూ బడిలో కూర్చోబెట్టారు. ఒకమ్మాయి, ఒకటో తరగతిలో చేరే కూతురితో నా బల్ల దగ్గరికొచ్చింది. ఆ నాలుగు ముక్కలూ వేలు పెట్టి చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిరుడు పాప వేరుశనగ చిక్కీ ముక్క తింటే అచ్చం అలాగే అయిందట. ఆసుపత్రిలో ఇంజెక్షను పడ్డాకే ఊపిరి తిరిగిందట. అత్తగారు మాత్రం అదంతా నాటకమంటుందట.

సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి చూపించింది. వెనకాల చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. 'వేరుశనగ ఉండవచ్చు' అని చదివి చెప్పాను.

"ఉన్నాదా, నేదా అమ్మా?"

ఆ మిషన్ల మీదే వేరుశనగవి కూడా చేస్తారు, కాస్త అంటుకుని ఉండొచ్చు, మన పాపకి ఆ కాస్తా చాలు, పెట్టకు అన్నాను. మన పాప అని ఎందుకన్నానో.

ఫారం చివర, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో రెండు నంబర్లు అడుగుతారు. మొదటిది తనది రాసింది. రెండో దగ్గర పెన్ను ఆగిపోయింది. మొగుడు చెన్నైలో కూలి పనిలో ఉన్నాడు. ఇంటికి చేస్తే నిమ్మకాయ నీళ్లు తాగించి పడుకోబెడతారంది. ఇంకెవరూ లేరా అంటే తల అడ్డంగా ఊపింది. ఇంత ఊళ్లో ఈ పిల్ల మాట నమ్మే మనిషి ఒక్కరు దొరకలేదు. నా నంబరు చెప్పాను.

పక్కనే 'బిడ్డకు ఏమవుతారు' అన్న గడి ఉంది. నేను తెలుగు చేసిందే.

"అమ్మమ్మ అని రాసీనా?" అంది, తలెత్తకుండానే.

ఇప్పుడు శుక్రవారం ప్రార్థన కూటమిలో కూడా నా ఫోను సైలెంట్‌లో పెట్టను. పాస్టరుగారు గుర్రుగా చూస్తారు. చూడనీ. ఏళ్ల తరబడి మోగితే చాలనుకున్న ఫోను, బడి వదిలేదాకా మోగకూడదని ప్రభువును వేడుకుంటూ కూర్చుంటాను.