డిస్కు ఒళ్లో పెట్టుకోండి

కొత్త హార్డ్ డిస్కు పట్టుకొచ్చి "కాస్త దీన్ని వాడుకునేలా చేసిపెట్టండి" అని ఎవరైనా అడిగితే, మా ఆయన నోటినుంచి వచ్చే మొదటి మాట ఒక్కటే. "ఏ కంప్యూటర్లో పెడతారు?" ఆ తర్వాత తతంగం మొదలు. తన కంప్యూటర్ నడవడానికి కావలసిన డిస్కు ఒక్కటి ఉంచి, దానికి తగిలించి ఉన్న మిగతావన్నీ ఊడదీస్తారు. వచ్చినవాళ్ల పాత డిస్కు వాటిలో ఉంటే తీసుకెళ్లి వాళ్ల ఒళ్లో పెడతారు. "ఇది మీ ఒళ్లో ఉన్నంతసేపు నేనేం చేసినా దీనికి ఏమీ కాదు" అంటారు. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులు కూడా మా ప్లాస్టిక్ కుర్చీలో, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు, డిస్కు పట్టుకుని కూర్చోవాల్సిందే.

మాది ఒకటే గది. మధ్యలో ప్లైవుడ్ అడ్డం. ముందు సగంలో నా జిరాక్స్ మిషన్, ప్రింటర్. వెనక సగంలో ఆయన బల్ల, స్క్రూడ్రైవర్లు, మూతలు ఊడదీసిన కంప్యూటర్లు. నోరు నాది, చేతులు ఆయనవి. పెళ్లయిన కొత్తలో రేడియోలు బాగుచేసేవారు, తర్వాత టీవీలు, ఇప్పుడివి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆ లోటు నేనే తీరుస్తుంటాను. ఇక పేర్ల పిచ్చి చెప్పనక్కర్లేదు. వంటింట్లో ఉప్పు డబ్బా మీద కూడా చీటీ అంటిస్తారు. ఉప్పేదో పంచదారేదో నాకు తెలియదన్నట్టు.

నాలుగేళ్ల కిందట ఒక టీచరమ్మ మా షాపు మెట్లెక్కుతూనే అరిచింది. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలన్నీ చదివి రికార్డు చేసే ఆవిడ. ఇంట్లో ఓ చిన్న గదికి పాత దుప్పట్లు కట్టి, అందులో కూర్చుని చదివేది. ఖంగుమనే గొంతు.

"తమ్ముడూ, నాకు సగం డిస్కు అంటగట్టావు. నాలుగు టీబీలన్నావు, రెండే కనిపిస్తోంది."

మా ఆయన డిస్కు తగిలించి చూసి, "డిస్కు మొత్తం ఉందండీ. దీన్ని ఎవరు సిద్ధం చేశారు?" అన్నారు.

"మా మేనల్లుడు. ఏదో అడిగిందట, మొదటిది నొక్కాడట."

"అదే వచ్చింది చిక్కు. కొత్త డిస్కంటే గోడలు లేని ఇల్లు. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఏ గదో ముందు ఒక పట్టిక రాయాలి. గదులు విడదీయడం అంటే పార్టిషన్ చేయడం. తర్వాత ఆ గదిలో అరలు కట్టి, ఏ అరలో ఏముందో రాసుకోడానికి పుస్తకం పెట్టాలి. అది ఫార్మాట్. ఆ మొదటి పట్టిక రెండు రకాలు. మీవాడు నొక్కింది ఎంబీఆర్, పాతకాలంది. అందులో అంకె వేసే గడి చిన్నది. రెండు టీబీలు దాటితే అంకె పట్టదు. గదులు కూడా నాలుగే. ఇంకా కావాలంటే ఒక గదిని చీల్చి లోపల చిన్న గదులు చేసుకోవాలి."

"రెండోది?"

"జీపీటీ. గడి పెద్దది. గదులు నూట ఇరవై ఎనిమిది దాకా రాసుకోవచ్చు, ఒక్కోదానికి పేరు కూడా పెట్టుకోవచ్చు. పైగా పట్టిక రెండు చోట్ల ఉంటుంది. ఒకటి డిస్కు మొదట్లో, దాని నకలు చిట్టచివర. ఎంబీఆర్‌కి మొదట్లో ఉన్న ఆ ఒక్క కాగితమే దిక్కు."

"మరి ఆ పాతదాన్ని ఇంకా ఎందుకు ఉంచారయ్యా?"

"బాగా పాత కంప్యూటర్లకి జీపీటీ చదవడం రాదండీ. అందుకే ఏ కంప్యూటర్లో పెడతారని అడిగేది. మీది కొత్తదే, జీపీటీ పెట్టేస్తాను."

డిస్కులో ఇంకా ఏమీ ఎక్కలేదు కాబట్టి అప్పటికప్పుడు మార్చి ఇచ్చారు. గదికి పేరు పెట్టుకోవచ్చన్నాక మా ఆయన ఊరుకుంటారా. ఇంగ్లీషు అక్షరాల్లో 'టీచరమ్మ పాఠాలు' అని కొట్టారు. గదికి పెట్టిన ఆ పేరు ఆవిడకి ఎక్కడా కనిపించదట. కనిపించని చోట చీటీ అంటించే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మళ్లీ ఆవిడ వచ్చింది మొన్న ఎండాకాలం. మెట్ల మీద చప్పుడు లేదు. మెడకి తెల్లటి గుడ్డ, దాని మీదుగా తాడుకి కట్టిన చిన్న నోటుపుస్తకం, పెన్ను. గొంతులో గడ్డ లేచిందట. ప్రాణం దక్కించడానికి స్వరపేటిక తీసేశారట. ఇదంతా ఆవిడ రాసి చూపిస్తే చదివాను. "కూర్చోండి వదినా" అన్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆవిడని అలా పిలవలేదు.

సంచిలోంచి రెండు డిస్కులు తీసింది. ఒకటి పాతది. అంతకుముందు చదివినవి కూడా అందులోకే చేర్చిందట, పదకొండేళ్ల పాఠాలన్నీ దాంట్లోనే. రెండోది అదే కంపెనీది, అదే సైజు, కవరు విప్పని కొత్తది. పుస్తకంలో రాసింది: "నా గొంతు ఒక్క చోటే ఉంది. రెండు చోట్ల ఉండాలి."

ఆ రోజు పరీక్ష దరఖాస్తులకి ఆఖరు తేదీ. నా ముందు పాతికమంది క్యూ. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. దాన్ని లాగడం మా ఆయనకే తెలుసు. ఆయనేమో తాపీగా పాత డిస్కు తీసుకెళ్లి టీచరమ్మ ఒళ్లో పెట్టబోతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏమండీ, కాపీ చేయాలంటే ఎలాగూ రెండూ తగిలించాలి కదా. ఈ ఒక్కరోజుకి ఆ తతంగం మానితే కొంపలేం మునిగిపోవు. త్వరగా కానిచ్చి ఇటు రండి."

ఆయన నన్నొకసారి చూశారు. ఎదురు చెప్పే అలవాటు లేని మనిషి. రెండూ తగిలించేశారు.

కొత్త డిస్కుకి ఆయన ఎప్పుడూ చేసేది ఒకటుంది. పట్టిక రాసేముందు, పలక తుడిచినట్టు, డిస్కు మొదట్లో ఒక్క ఎంబీ మేర సున్నాలు కొడతారు. చిన్న ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కడమే. రెప్పపాటు పని. ఏ డిస్కుకి కొట్టాలో మాత్రం మనమే చెప్పాలి. మామూలు రోజుల్లో ఆ బల్ల మీద ఉండేదే ఒక్క డిస్కు, సైజు చూస్తే చాలు. నాలుగు టీబీది కనిపిస్తే అదే కొత్తది. అలవాటు చొప్పున ఆ రోజూ సైజే చూశారు. జాబితాలో ముందు కనిపించిన నాలుగు టీబీకి ఎంటర్ కొట్టి, మరోసారి జాబితా తెరిచారు. రెండు డిస్కులూ ఖాళీ అని చూపించింది.

ఆయన రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసేసి గాల్లో పెట్టారు. నేను క్యూ దగ్గర్నుంచే "ఇంకా ఎంతసేపండీ" అని అరుస్తూ ఉన్నాను. ఆయన కుర్చీ తిప్పి ఆవిడ వైపు కూర్చున్నారు.

"టీచరుగారూ, తప్పు చేశాను. కొత్తదనుకుని మీ పాత డిస్కులో మొదటి పట్టిక తుడిచేశాను."

నేనైతే నోరు మూసుకుని ముందు సరిచేసే దారి చూసేదాన్ని. సరైతే సరి, కాకపోతే అప్పుడు చెప్పేదాన్ని. ఆయన అలా కాదు. నేను ప్రింటర్‌నీ, క్యూనీ వదిలేసి వచ్చి ప్లైవుడ్ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మళ్లీ చదువుదామన్నా చదవలేదు. ఆ పదకొండేళ్లని ఇంక ఎవరూ తేలేరు. ఆ మాట నాకు తెలుసు, ఆయనకి తెలుసు.

ఆవిడ పుస్తకం అందుకుని రాసింది: "పోయిందా?"

"పాఠాలు పోలేదండీ. అవెక్కడున్నాయో చెప్పే కాగితం పోయింది. ఎంబీఆర్ అయ్యుంటే ఆ కాగితం అదొక్కటే. డిస్కంతా గాలించి గది ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. మీకు పెట్టింది జీపీటీ. చివర నకలుండాలి. ముందు చదివి చూస్తాను, చదివితే ఏమీ చెడదు. మీరు ఊఁ అనేదాకా దానిమీద ఒక్క అక్షరం రాయను."

కంప్యూటర్ ఆపి, కొత్త డిస్కు ఊడదీశారు. దాన్ని టీచరమ్మ చేతికిచ్చి, మళ్లీ ఆన్ చేశారు. పట్టికలు సరిచూసే చిన్న ప్రోగ్రామ్ తెరిచారు. మొదటి పట్టిక లేదు, చివరి నకలు బాగానే ఉంది అని చెప్పిందది. ఆ నకలు చూపించమని అడిగారు. ఒక్కటే వరుస వచ్చింది. గది ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఎంత సైజు. ఆ పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో 'టీచరమ్మ పాఠాలు'.

ఆయన పేర్ల పిచ్చిని ముప్పై ఏళ్లుగా ఎగతాళి చేసినదాన్ని. ఆ వరుస చూసి నాకు ఏడుపొచ్చింది.

"నకలు చూసి మొదటి పట్టిక మళ్లీ రాయమంటారా?" అని ఆయన అడిగారు. ఆవిడ పుస్తకంలో "రాయి తమ్ముడూ" అని రాసింది. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, రాయమని ఆజ్ఞ ఇచ్చారు.

మళ్లీ ఆన్ చేస్తే ఫోల్డర్లన్నీ వరుసగా వచ్చాయి. తరగతుల పేర్లు, పుస్తకాల పేర్లు. చేతికందిన పాఠం ఒకటి నొక్కారు. పాతికమంది నిలబడ్డ మా ఇరుకు గదిలో ఆ ఖంగుమనే గొంతు మోగింది.

"పిల్లలూ, నెమ్మదిగా చదువుతాను. ఎక్కడైనా అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినండి. నాకేం కోపం రాదు."

ఆయన పాఠం ఆపి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నన్ను క్షమించండి టీచరుగారూ" అన్నారు.

ఆవిడ పెన్ను తీసుకోలేదు. వంగి మౌస్ పట్టుకుని, తెర మీద పాఠం నడిచే గీతని కొంచెం వెనక్కి లాగి వదిలింది.

"నాకేం కోపం రాదు" అంది ఆవిడ గొంతు.

అక్కడ ఆపింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. తొందరపెట్టింది నేనేనని ఆవిడ విన్నది కదా. నేను నోరు విప్పేలోపే మళ్లీ వెనక్కి లాగింది.

"నాకేం కోపం రాదు."

కొత్త డిస్కు ఇంకా సిద్ధం చేయాల్సే ఉంది. జీపీటీ పెట్టాలి, గది రాయాలి, పేరు కొట్టాలి, ఫార్మాట్ చేయాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా కాపీ. కళ్లద్దాలు తుడుచుకుంటూ మా ఆయన కంప్యూటర్ ఆపారు. "పిన్నిగారూ, మా దరఖాస్తులు" అని క్యూలోంచి ఎవరో పిలిచారు.

"ఉండండి" అని పాత డిస్కు నేనే ఊడదీసి, తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను.