వందో గుండీ

మా అమ్మ తన తప్పు ఒప్పుకోవడం నేను ఒక్కసారే చూశాను. ఒప్పుకోవడమంటూ మొదలుపెట్టాక ఆ ఒక్క రోజులోనే బాకీ అంతా తీర్చేసింది.

అమ్మది పసిపిల్లల ఫోటో స్టూడియో. ఫోటోలు ఆవిడ తీస్తుంది, వాటికి మెరుగులు దిద్ది అచ్చు వేసేది నేను. బిడ్డకు వందో రోజు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ తరలివచ్చి ఫోటో దిగుతారు, దాని కింద తేదీ వేయించుకుంటారు. ఆ తేదీ చెప్పాల్సింది అమ్మే. కౌంటరు వెనక గోడకు ఒక పెద్ద పట్టిక ఉంది. నేను పుట్టడానికి రెండేళ్ళ ముందు, ఆ ఏటి క్యాలెండరు ఎదురుగా పెట్టుకుని, చలికాలమంతా కూర్చుని చేత్తో రాసింది. ఎడమ పక్క పుట్టిన తేదీ, కుడి పక్క వందో రోజు, మొత్తం మూడు వందల అరవై ఐదు వరుసలు. వెయ్యో రోజు అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళకు మాత్రం మూడేళ్ళ క్యాలెండర్లు ముందేసుకుని నెల నెలా లెక్కపెట్టి చెబుతుంది.

ఫోనులో చూసుకుని వచ్చేవాళ్ళంటే అమ్మకు ఒళ్ళు మంట. "ఫోనులో వంద కలిపితే నూట ఒకటో రోజు వస్తుంది. పుట్టిన రోజే ఒకటో రోజు కదా, కలపాల్సింది తొంభై తొమ్మిది" అని ప్రతివాళ్ళకూ పాఠం చెబుతుంది. ఆ మాట నిజమే. అందుకే పట్టిక అంటే ఆవిడకు అంత గర్వం.

ఆ పట్టిక వల్ల ఎక్కువ మాటలు పడింది మా నాన్న. నా వందో రోజు ఫోటోలో నాన్న లేడు. అప్పట్లో లారీ తోలేవాడు, ముందు రోజు సాయంత్రమే లోడుతో వెళ్ళిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళయినా అమ్మ ఆ సంగతి వదల్లేదు. కూరలో ఉప్పు తక్కువైందని గొడవ మొదలైనా చివరికి ఆ ఫోటో దగ్గరికే వచ్చి ఆగుతుంది. నాన్న లేచి పళ్ళెం కడుక్కుంటాడు.

ఈ మార్చి అయిదున, పదకొండు దాటాక, ఒక పెద్దావిడ గాజు సీసా చంకలో పెట్టుకుని స్టూడియోకు వచ్చింది. ఒకప్పుడు చొక్కాలు కుట్టేది. నవంబరు ఇరవై ఏడున మనవరాలు పుట్టింది. మరునాడు ఫోటోకు రావాల్సిన కుటుంబం వాళ్ళదే. ఆవిడ కొడుకు ఓడలో పని చేస్తాడు. సెలవు ఆ రోజుతో సరి, పన్నెండున్నర రైలెక్కితే మళ్ళీ తొమ్మిది నెలలకు గాని రాడు. ఒక్క రోజు సెలవు పెంచమని బతిమాలుకున్నా కంపెనీ వాళ్ళు ససేమిరా అన్నారు. అతను లేకుండానే ఫోటో తీయించుకోవాలని అందరూ మనసు రాయి చేసుకున్నారు.

"వందో రోజు ఇవాళేనమ్మా" అంది పెద్దావిడ, సీసా కౌంటరు మీద పెట్టి. "పిల్ల పుట్టిన రోజు నుంచి రోజుకో గుండీ వేస్తున్నాను. ఇవాళ్టిది నూరోది."

అమ్మ నవ్వింది. "రేపే పెద్దమ్మా. ఏదో ఒక రోజు మరిచిపోయి రెండు వేసి ఉంటారు."

"నలభై ఏళ్ళు గుండీలు కుట్టాను. ఒక్క చొక్కాకీ ఒకటి ఎక్కువ కుట్టలేదు. మావాడేమో ఫోను కూడా ఆరో తేదీనే చూపిస్తోంది, ఊరుకోమ్మా అంటాడు. అందుకే నేనొక్కదాన్నే వచ్చాను."

ఫోను కూడా ఆరు అందా? నాకు అక్కడే అనుమానం తగిలింది. ఫోనుకూ అమ్మకూ ఎప్పుడూ ఒక రోజు తేడా ఉండాలి. ఇద్దరూ ఒకే తేదీ చెబుతున్నారంటే ఈసారి ఎవరి లెక్కో తప్పి ఉండాలి.

"అమ్మా, పట్టిక చూడకుండా ఒకసారి చెప్పు" అన్నాను.

అమ్మ నన్ను మింగేసేలా చూసి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "నవంబరులో నాలుగు. డిసెంబరు ముప్పై ఒకటి, ముప్పై అయిదు. జనవరితో అరవై ఆరు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది..."

అక్కడ ఆగిపోయింది. పక్క గోడకు ఈ ఏటి క్యాలెండరు వేలాడుతోంది. ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు.

"తొంభై అయిదు" అంది, గొంతు తగ్గించి. "ఇంకో అయిదు. ఇవాళే."

పట్టికలో ఇరవై తొమ్మిదో తేదీకి వరుసే లేదు. నాలుగేళ్ళకోసారి, ఫిబ్రవరి దాటి వందో రోజు వచ్చే ప్రతి బిడ్డకూ అమ్మ ఒక రోజు ఆలస్యంగా చెబుతూ వచ్చింది.

పదకొండూ ఇరవై అయింది. పెద్దావిడ కొడుకుకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారికి కోడలు ఎత్తింది. అందరూ అప్పటికే స్టేషనులో ఉన్నారు, అతను సామాను ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి వెళ్ళాడట.

"అక్కడే ఉండమనండి" అంటూ అమ్మ కెమెరా మెడలో వేసుకుంది. ఆవిడ స్టూడియో గడప దాటి ఒక్క ఫోటో కూడా తీసిన మనిషి కాదు, వెలుతురు తన చేతిలో లేకపోతే చేతులు ఆడవంటుంది. పన్నెండింటికి రావాల్సిన కవల పిల్లల వాళ్ళకు, కాళ్ళ మీద పడ్డంత పని చేసి, గంట ఆగమని చెప్పాను. టాక్సీ ఎక్కాం.

వంతెన దగ్గర బండ్లు ఆగిపోయాయి. అమ్మ వాచీ చూడలేదు. ముందున్న లారీ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది. పెద్దావిడ సీసా రెండు చేతులతో పట్టుకుంది, లోపల గుండీలు గలగలమంటూనే ఉన్నాయి. పన్నెండుకు పది నిమిషాలప్పుడు దిగి నడిచాం. నడిచామని మర్యాదకు అంటున్నాను, పరుగెత్తాం. నాకు ఏడుపొచ్చింది.

ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చి ఉంది. అతను అప్పుడే పెట్టె లోపల పెట్టి దిగాడు. మమ్మల్ని చూసి బిత్తరపోయాడు.

అమ్మ ఆయాసపడుతూనే చెప్పింది. "బాబూ, వందో రోజు ఇవాళే. తప్పు నాది. మీ అమ్మగారి లెక్కే సరైనది."

అతను తల్లి వంక చూశాడు. "మరి నా ఫోను?"

"అది నూట ఒకటో రోజు చెప్పింది. నా తప్పూ దాని తప్పూ ఒక్కచోట కలిశాయి. బిడ్డను ఎత్తుకో, వెలుతురు ఇటుంది."

బల్ల మీద అతనూ భార్యా పిల్లా కూర్చున్నారు, పక్కన పెద్దావిడ, ఆవిడ ఒళ్ళో సీసా. పిల్ల కెమెరా వైపు చూడలేదు, తండ్రి గడ్డం పీకుతోంది. పదకొండు ఫోటోలు తీస్తే నాలుగు బాగా వచ్చాయి. బండి కదులుతుంటే పెద్దావిడ సీసాలోంచి ఒక గుండీ తీసి కొడుకు గుప్పిట్లో పెట్టింది.

కవల పిల్లల వాళ్ళను పంపించాక అమ్మ స్టూలెక్కి పట్టిక దింపింది. తర్వాత బుకింగ్ పుస్తకం తెరిచింది. ఈ ఏడు ఒక రోజు ఆలస్యంగా ఫోటో దిగినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురికీ ఫోను చేసి తప్పు చెప్పి, ఫోటో కింద తేదీ మార్చి ఇవ్వమంటే ఇస్తానంది. ఒకాయన గట్టిగానే మాట్లాడాడు. అమ్మ "అవును, నాదే" అంటూ విన్నది.

నేను పట్టిక కాగితం చుట్టబోయి జనవరి తొమ్మిది దగ్గర ఆగాను. నా పుట్టిన తేదీ. ఎదురుగా అమ్మ చేతిరాతలో ఏప్రిల్ పద్దెనిమిది. నేను పుట్టిన ఏడు కూడా ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదే. అమ్మ నా భుజం మీదుగా చూసింది.

ఫోను అందుకుంది. అవతల నాన్న, ఏవో గిన్నెల చప్పుడు.

"ఏమండీ, అమ్మాయి పుట్టిన ఏడు మీరు లోడుకు వెళ్ళింది పదిహేడో తేదీ సాయంత్రమే కదా?"

"మళ్ళీ ఆ గొడవేనా? కూర మాడిపోతోంది."

"పొద్దున్నంతా ఇంట్లోనే ఉన్నారు కదా?"

"ఉన్నాను. పిల్లకు నీళ్ళు కూడా నేనే పోశాను. ఎందుకిప్పుడు?"

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వందో రోజు అదేనండీ" అంది. "మీరు ఉన్నారు."