గోడ దూకిన గుర్తు

పంతులు చెప్పిన మాటలో పిల్లలు ఏ ముక్క పట్టుకుని ఇంటికెళ్తారు? ఇన్నేళ్లు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు తేలలేదు.

శేషాచలం మాస్టారు దర్శి పక్క ఊళ్లో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తప్పిన లెక్కలను ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పెట్టడం ఊరి పిల్లలకు అలవాటు. ఆ ఉదయం ఎనిమిదో తరగతి భవ్య రెండు లెక్కలు పంపింది. కింద ఒక మాట: "స్కాలర్‌షిప్ పరీక్షకి పేరివ్వడానికి ఇవాళే ఆఖరు. నాకు లెక్కలు రావు తాతగారూ, మానేస్తున్నా."

ఫోటో అంచున ఎర్రటి వేలిముద్ర. 5 − 3x = 17. తర్వాత −3x = 12. అంతవరకు బాగానే ఉంది. ఆ కింద x = 12/3 = 4. మైనస్ ఏమైంది? వేలి నీడ కప్పిందేమోనని ఫోటో పెద్దది చేసి చూశారు. లేదు. తొందరలో మరిచిందిలే అనుకోబోతూ రెండోది చూశారు. 4x = −20. కింద x = −20/−4 = 5. ఇక్కడ లేని మైనస్ కొత్తగా వచ్చి కూర్చుంది! మరుపైతే ఇలా ఉండదు. పిల్ల ఏదో సూత్రం పట్టుకుని నడుస్తోంది.

మోపెడ్ తీసి నేరుగా వాళ్ల మిరప కల్లానికి వెళ్లారు. తల్లి సుబ్బరావమ్మ, కూతురు రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

"ఏమే భవ్యా, నాలుగుకి మైనస్ ఎందుకు తగిలించావు?"

"ఈక్వల్ టు దాటిందిగా తాతగారూ. గోడ దూకితే గుర్తు మారుద్ది."

"ఎవరు చెప్పారే ఆ మాట?"

"అమ్మ."

సుబ్బరావమ్మ ఫక్కున నవ్వింది. "మరి నాకెవరు చెప్పారంట? తమరేగా మాస్టారూ! చెవి మెలేసి మరీ బట్టీ పట్టించారు."

మాస్టారు తానూ నవ్వేశారు. "అయితే దొంగ నేనేనన్నమాట!"

కాయలు పక్కకు నెట్టి, అవి ఆరబోసిన పరదా పట్ట మీదే చతికిలబడ్డారు. "ఏదీ దూకదమ్మా. ఐదు కూడి ఉంది కాబట్టి రెండు వైపులా ఐదు తీసేశాం. అందుకే అటు మైనస్ ఐదు కనపడింది. మైనస్ మూడు అలా కాదు, xని గుణిస్తోంది. దాన్ని వదిలించాలంటే రెండు వైపులా మైనస్ మూడుతోనే భాగించాలి. దాని గుర్తు దానికే ఉంటుంది."

భవ్య రాసింది: x = 12/−3 = −4. రెండోది −20/4 = −5.

"నా మాట నమ్మకు. మొదటి లెక్కలో పెట్టి చూడు."

"ఐదులోంచి మైనస్ పన్నెండు తీస్తే... పదిహేడు! మరి నా నాలుగు పెడితే?" వేళ్లు కదిలాయి. "మైనస్ ఏడొచ్చింది, ఛీ!"

"ఇన్నాళ్లూ దీన్ని మొద్దని తిట్టానండీ," అంది సుబ్బరావమ్మ.

"మొద్దయితే రెండు చోట్లా ఒకే తప్పు అంత పద్ధతిగా చెయ్యదు. పేరిస్తావా మరి?"

భవ్య అప్పటికే బళ్లో మేడంకి ఫోన్ కలిపింది. "మేడం, నా పేరు రాసుకోండి!"

మాస్టారు వినలేదు. గట్టు అవతల యలమంద ఇల్లు కనపడుతోంది. వాడూ ఆయన దగ్గరే ఆ గోడ సూత్రం బట్టీ పట్టాడు. వాడికిద్దరు పిల్లలు. తల్లీకూతుళ్లు ఇటు తిరిగి చూసేసరికి మోపెడ్ సగం గట్టు దాటిపోయింది.