తీసేయగా మిగిలిన గది

వారపత్రిక ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. పాఠకులు పంపే రచనల్ని సరిచేయడం ఆమె పని. పదిహేనేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. ఎవరైనా "సుమనోహరమైన సాయంసంధ్య" అని రాసి పంపితే, ఆమె చేతి కిందనుంచి అది "సాయంత్రం" అయి బయటికొచ్చేది. రచయితలు ఫోను చేసి పోట్లాడేవారు. ఆమె ఓపిగ్గా వినేది, తర్వాత రచనను తను దిద్దినట్టే అచ్చుకి పంపేది.

ఆ వారం "మా ఇల్లు" శీర్షికకి రావలసిన రచన రాలేదు. పేజీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నానికల్లా నువ్వే ఏదో ఒకటి రాసియ్యమని ఎడిటరమ్మ చెప్పింది. ఎడిటరమ్మ జుట్టు నెరిసిన మనిషి, మాట తక్కువ. కత్తెరమ్మకి పని నేర్పింది ఆవిడే.

కత్తెరమ్మ అన్నయ్య ఇంట్లో ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. వేరే ఉండాలని రెండుసార్లు ప్రయత్నించింది. ఒంటరి ఆడదానికి గది ఇచ్చేముందు ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ విసిగి, రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది. అన్నయ్య మంచివాడే. పత్రిక రాగానే చెల్లెలి పేరున్న పేజీ తీసి, అన్నం తినేటప్పుడు అందరికీ చదివి వినిపిస్తాడు. ఆ ఇంట్లో ఆమెకున్న మర్యాద అదొక్కటే అనిపించేది ఆమెకి.

కాబట్టి ఆయన చదివి వినిపించబోతున్నాడని తెలిసే, తన గది గురించి ఇలా రాసింది.

"మా ఇంటి నడిబొడ్డున, ఆప్యాయమైన అలికిడితో నిత్యం పులకించే ముచ్చటైన గది నాది. పచ్చని లోకాన్ని పరిచయం చేసే సొగసైన కిటికీ పక్కన నా కమ్మని కలల్ని మోసే చక్కని మంచం. మా వాళ్ల ఆత్మీయమైన అడుగుల చప్పుడు ఆ గదికి తీయని సంగీతం."

ఇలాంటివే ఇంకో ముప్ఫై వాక్యాలు. ఎడిటరమ్మ చదివి, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఎవరు పంపారమ్మాయ్ ఇది?"

"నేనేనండీ రాసింది."

"నువ్వైతే ఇంకొకళ్లు రాసిన దాన్ని ఇలా వదిలేసేదానివా?"

కత్తెరమ్మ కాగితాలు తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చింది. ఎర్ర పెన్ను తీసింది. పద్ధతి ఆమెకి కొట్టినపిండే. విశేషణాలన్నీ గుడ్డిగా కొట్టేయకూడదు. ఇనుప మంచం అంటే "ఇనుప" ఉండాలి, అది మంచం ఎలాంటిదో చెబుతుంది. చక్కని మంచం అంటే "చక్కని" పోవాలి, అది మంచాన్ని చూపించదు, మెచ్చుకోమని మనకి చెబుతుంది. మాట కొట్టేశాక దాని వెనక వస్తువు నిలబడిందా లేదా చూడాలి. నిలబడకపోతే అక్కడ అసలు వస్తువే లేదన్నమాట.

"ముచ్చటైన" కొట్టేసింది. గది మిగిలింది. "ఆప్యాయమైన" కొట్టేసింది. అలికిడి మిగిలింది. ఎవరి అలికిడి? వంటింట్లోకి నీళ్లకోసం వెళ్లేవాళ్లది. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లాలంటే ఆమె గదిలోంచే దారి. అందుకే ఆ అలికిడి. "నిత్యం పులకించే" దగ్గర ఆగింది. గోడలు పులకించవు. కొట్టేసింది.

కిటికీ దగ్గరికి వచ్చింది. "పచ్చని లోకాన్ని పరిచయం చేసే" పోయింది, "సొగసైన" పోయింది. "కిటికీ" అన్న మాట ఒంటరిగా మిగిలింది. ఆమె దానివైపు చూస్తూ కూర్చుంది. ఆ గదికి కిటికీ లేదు. ఇన్ని మాటల సందడిలో ఆ లేని కిటికీని తనే తెచ్చిపెట్టింది. రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నానని కూడా తోచలేదు.

పెన్ను మళ్లీ కదలడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఇంత మిగిలింది.

"నా గది హాలుకీ వంటింటికీ మధ్య ఉంది. రెండు తలుపులు. గడియలు లేవు. కిటికీ లేదు. నీళ్లు కావలసినవాళ్లు నా మంచం పక్కనుంచి వెళతారు. బట్టలు స్నానాలగదిలో మార్చుకుంటాను. పడుకున్నాక ఎవరైనా వస్తే, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంటాను."

పేజీలు పేర్చే అతను వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "పేజీడు అడిగితే పిడికెడు ఇచ్చారేంటండీ కత్తెరమ్మగారూ? మిగతా చోటంతా ఏం పెట్టి నింపను, నా ఫోటోనా?" అన్నాడు. తర్వాత ఇంకోసారి చదివాడు. నవ్వడం మానేశాడు. ఇంట్లో వాళ్లు నొచ్చుకుంటారేమో, మొదట్లో "ముచ్చటైన" అనే మాట ఒక్కటి ఉంచితే మెత్తబడుతుందేమో అని నెమ్మదిగా అన్నాడు.

ఆ మాట నిజమే. అన్నయ్య దీన్ని గొంతెత్తి చదువుతాడు. వదిన వింటుంది. ఆ ఇల్లు కాదంటే ఆమెకి వేరే ఇల్లు లేదు.

"నా ముచ్చటైన గది" అని చేర్చి చదువుకుంది. కింద ఉన్న వాక్యాలన్నీ ఒక్కసారిగా దెప్పిపొడుపుల్లా వినిపించాయి. ఎవరినో ఎత్తిపొడుస్తున్నట్టు, జాలి చూపించమని అడుగుతున్నట్టు. ఆ మాట తీసేస్తే ఫిర్యాదు లేదు, జాలి లేదు. గది ఉంది, అంతే. తప్పించుకోవడానికి చదివేవాళ్లకి సందు లేదు. తనకీ లేదు.

ఎడిటరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ రెండుసార్లు చదివింది.

"వద్దనుకుంటే చెప్పు. పాతదే వేస్తాను. ఎవరూ ఏమీ అనరు."

"పాతదాంట్లో కిటికీ ఉందండీ," అంది కత్తెరమ్మ.

ఎడిటరమ్మ కాగితం మీద సంతకం చేసి, మిగతా చోటు తెల్లగా వదిలేయమని పేజీలు పేర్చే అతనికి చెప్పింది.

పత్రిక ఇంటికి వచ్చిన రోజు అన్నయ్య ఎప్పటిలాగే కంచం ముందు కూర్చుని పేజీ తీశాడు. "చిన్నమ్మలు ఈసారి మన ఇంటి గురించే రాసింది," అని మొదలుపెట్టాడు. రెండు తలుపుల దాకా మామూలుగానే చదివాడు. గడియల దగ్గర గొంతు తగ్గింది. బట్టల మాట దగ్గర ఆపేశాడు. మిగతాది మనసులో చదువుకుని, పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"ఆపేశారేం?" అంది వదిన. తనే పత్రిక తీసుకుని చదివింది. "మేమేదో నిన్ను నడివీధిలో పడుకోబెట్టినట్టు రాశావే అమ్మా," అంది. కత్తెరమ్మ, ఇంట్లో లేనిది ఏమైనా రాశానా వదినా అని అడిగింది. వదిన మళ్లీ పత్రికలోకి చూసింది. వెతుకుతున్నట్టు చూసింది. ఆ ఏడు వాక్యాల్లో పట్టుకుని పోట్లాడటానికి ఒక్క మాట కూడా దొరకలేదు. అదే ఎక్కువ కోపం తెప్పించినట్టుంది. కంచం తీసుకుని లేచింది. వంటింటికి వెళ్లబోయి, కత్తెరమ్మ గది తలుపు దగ్గర ఆగి, కంచం అక్కడే కింద పెట్టేసింది.

ఆ సాయంత్రం ఎవరూ నీళ్లకోసం రాలేదు. కత్తెరమ్మే గ్లాసులు నింపి హాల్లోకి తీసుకెళ్లింది. మేనకోడలు గ్లాసు అందుకుని, "థాంక్స్ అత్తా" అంది, పరాయి ఇంటికి వచ్చినట్టు. ఇంత చేస్తే తనకి మిగిలింది ఇంకో పని.

మర్నాడు సెలవు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అవతల అన్నయ్య అడుగులు వచ్చి ఆగాయి. దగ్గాడు.

"చిన్నమ్మలూ, వంటింట్లోకి వెళ్లాలమ్మా. రావచ్చా?"

ఈ ఇంట్లో ఎవరూ ఆమెని ఆ మాట అడగలేదు ఇంతవరకూ. నోటిదాకా వచ్చిన "రా" అన్న మాటని ఆపుకుంది.

"ఒక్క నిమిషం ఆగు అన్నయ్యా."

అవతల ఆయన ఆగాడు. ఇవతల ఆమెకి చేయవలసిన పనేమీ లేదు. ఆ నిమిషంతో ఏం చేయాలో తెలియలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, రెండు తలుపులనీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. తర్వాత రమ్మంది.