నేను చదవని మూడో లింకు

మా అక్క ఆనందకుమారి ఒక్కసారి కూడా మైకు ముందు కూర్చోలేదు. తోటపల్లి గూడూరు దగ్గర మా చిన్న రేడియోలో పదకొండేళ్ళు నేను చదివిన మాటలు మాత్రం ఆమె రాసినవే. పోయిన ఎండాకాలం ఆమె పోయింది. కాగితాలేవీ మిగల్లేదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మాది రొయ్యల రైతుల కోసం పొద్దున పది గంటలకు వచ్చే అరగంట కార్యక్రమం. ఆక్వా డాక్టరు ఒకాయన నా పక్కన కూర్చుంటాడు. రైతులు ఫోన్ చేసి అడుగుతారు. ఒక ఫోన్ కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య, పాటకీ మాటకీ మధ్య నేను చెప్పే రెండు మూడు వాక్యాలను లింకులంటాం. అక్క రాసేది వాటినే. టైము చెప్పాల్సిన చోట్లు కూడా ఆమే గుర్తు పెట్టేది, కానీ అంకెలు రాసేది కాదు. "ఇప్పుడు సమయం" అని రాసి ఖాళీ వదిలేది.

"నేను రాసిన టైముకే నువ్వు ఆడికి చేరతావని ఎవురు చెప్పినారు? గోడ మీద గడియారం చూసి చదువు" అనేది.

ఫోన్ చేసినవాళ్ళను నడిపించే మాటలు వేరే కాగితం మీద ఉండేవి. కథ ఆపనివాళ్ళకు: "మీ రొయ్యల గుంట సంగతి అర్థమైందండీ, ఇప్పుడు మీ ప్రశ్న ఒక్కటి చెప్పండి." మందుల పేర్లు ఎత్తేవాళ్ళకు: "కంపెనీ పేరు వద్దండీ, అందులో ఏముందో చెప్పండి." లైను తెగిపోతే: "వారు మళ్ళీ కలిసేలోగా డాక్టరు గారిని ఒక మాట అడుగుదాం."

"పెళ్ళి తెగిపోయినట్టు ఏడుపుగొంతుతో చెప్పబాకరా" అని నన్ను వెక్కిరించేది. చర్చిలో ప్రకటనలు రాసిన చెయ్యి ఆమెది. నేను ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టేది.

ఒక ఏడు వానలప్పుడు కోడూరు వైపు నుంచి చెంగయ్య అనే రైతు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. వారానికి రెండుసార్లు. మేము ఆ రోజు ఏ సంగతి ఎత్తుకుంటే సరిగ్గా అదే కష్టం ఆయన గుంటకు వచ్చేది. నేను కంపెనీ పేరు వద్దనే లోపలే మందు పేరు బయట పడేది. ప్రతిసారీ ఒకే మందు.

"ఈయన గుంటకి రాని జబ్బు లేదే" అన్నాను నవ్వుతూ.

అక్క నవ్వలేదు. "జబ్బులు మన స్క్రిప్టు చదివి వస్తుండాయి" అంది.

తర్వాతి మంగళవారం మొదటి కాల్ బాగా సాగింది. వ్యవధి చాలక మూడో లింకు వదిలేసి నేరుగా టైము చెప్పి రెండో కాల్ తీసుకున్నాను. చెంగయ్య.

"ఇందాక మీరు అడిగినారు గదా సార్, గుంట అడుగున మట్టి నల్లబడి వాసన వస్తుందా అని. మా గుంటలో అచ్చం అదే" అన్నాడు.

నేను అడగలేదు. అది ఆ మూడో లింకులో ఉన్న ప్రశ్న. స్టూడియో గాజు అవతల కూర్చున్న అక్క తల ఎత్తింది. మా దగ్గర లైనులో ఆగినవాళ్ళను ఇంట్లో రేడియో కట్టేయమంటాం, లేకుంటే ఫోన్లో కూత వస్తుంది. ఆగిన లైనులో కార్యక్రమం వినపడదు. అంటే నేను ఏం చదివానో, ఏం వదిలేశానో చెంగయ్యకు తెలియదు. కాగితంలో ఉన్నది మాత్రం తెలుసు.

అక్క వెంటనే మేనేజరు పద్మనాభయ్య గారి దగ్గరికి వెళ్ళి ఈ సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"స్క్రిప్టు రాసేది ఎవరమ్మా?"

"నేనే సార్."

"చదివేది?"

"మా తమ్ముడు బెన్హర్."

"మరి నన్నెందుకు అడుగుతావు? రేడియో నడిపే కమిటీకి నేను జవాబు చెప్పుకోవాల. శుక్రవారం దాకా రాయి. సోమవారం నుంచి వేరే మనిషిని చూసుకుంటాం."

ఆ ఉద్యోగం పోతే జీతమొక్కటే పోదు. అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కుని రేడియోను మందుల కొట్టుకు అమ్ముకున్నారనే మాట మండలమంతా తిరుగుతుంది.

ఇంటికి వస్తూ ఆటోలో ఆమె నన్ను మెల్లగా అడిగింది. "నీకేమన్నా ఎవురన్నా ఫోన్ చేసినారా అబ్బయా?"

"నన్ను అడుగుతుండావా అక్కా?"

"అందరినీ అడగాల గదా" అంది రోడ్డు వైపు చూస్తూ.

స్క్రిప్టు ముందు రోజు సాయంత్రమే మూడు కాపీలు అయ్యేది. ఒకటి నాకు, ఒకటి ఫోన్ల దగ్గర కూర్చుని పేరు, ఊరు, ప్రశ్న రాసుకునే పెంచలప్రసాద్‌కు, ఒకటి మేనేజరు గారికి. బుధ, గురువారాల్లో అక్క ప్రసాద్‌ను గమనిస్తూ కూర్చుంది. అతను ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళితే ఆమె కూడా మంచినీళ్ళకని లేచేది.

"ఏందక్కా, నా వెంటే తిరుగుతుండావు? మీ తమ్ముడికి సంబంధం చూడమంటావా ఏంది?" అన్నాడతను ఒకసారి. అక్క నీళ్ళు తాగి వచ్చి కూర్చుంది. ఆ రెండు రోజులూ చెంగయ్య ఫోన్ చేయలేదు.

శుక్రవారం నా కాపీలో రెండో లింకు తర్వాత టైము, వెంటనే కాల్. మూడో లింకే లేదు. టైపులో పోయిందేమో అనుకుని చదువుకుంటూ పోయాను. టైము చెప్పాను. ప్రసాద్ గాజు అవతలి నుంచి పలక మీద పేరు రాసి చూపించాడు: చెంగయ్య, కోడూరు.

"చెప్పండి చెంగయ్య గారూ."

"అదే సార్, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుందా అని అడిగినారు గదా. మా గుంటలో రెండు రోజులుగా మిగిలిపోతుండాది. దానికి నేను..."

"కంపెనీ పేరు వద్దండీ" అన్నాను ఈసారి పేరు రాకముందే.

గాజు అవతల అక్క కళ్ళు మూసుకుంది. కార్యక్రమం అయ్యాక ఆమె రెండు కాగితాలు తీసుకుని మేనేజరు గదిలోకి నడిచింది. నేనూ ప్రసాదూ వెనకాలే వెళ్ళాం.

"సార్, ప్రసాద్ కాపీలో మూడో లింకు చూడండి. తెల్లారుజామున రొయ్యలు పైకి తేలుతున్నాయా అని ఉండాది. బెన్హర్ కాపీలో అసలు లేదు. చెక్ ట్రే మాట ఒక్క మీ కాపీలోనే రాసినాను."

"అక్కా, నా మీద గూడా అనుమానం పెట్టినావా!" అన్నాడు ప్రసాద్.

పద్మనాభయ్య గారి ముఖం ఎర్రబడింది. "నేను అమ్ముకున్నానంటావా?"

"నేనేమీ అనలేదు సార్. మీ కాపీ ఎక్కడికి పోతుందో మీరే చెప్పండి."

"ఎక్కడికీ పోదు. బీరువాలో పెడతా. దానికి ముందు ఫొటో తీసి కమిటీ గ్రూపులో..."

ఆయన అక్కడే ఆగిపోయాడు. రోజూ సాయంత్రం కమిటీ వాళ్ళ ఆమోదం కోసం గ్రూపులో పెట్టడం ఆయన అలవాటు. కమిటీలో తొమ్మిది మంది. అందులో ఒకాయనకు గుంటల మందుల డీలర్‌షిప్పు ఉంది. చెంగయ్య ఎత్తే మందు ఆ కొట్టుదే. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆయన కమిటీలో ఉన్న పెద్దమనిషి కాబట్టి, మేము అనుమానం దగ్గర్లో ఉన్నవాళ్ళ మీదే పెట్టుకున్నాం.

పద్మనాభయ్య గారు "సోమవారం నువ్వే రాయమ్మా" అన్నాడు. క్షమించమనే మాట ఆయన నోటికి రాలేదు. అక్క దానికోసం ఎదురుచూడలేదు కూడా.

"రాస్తాను సార్. మీకు మాత్రం కాపీ ఇయ్యను."

"నేను చూడకుండా గాల్లోకి ఎట్ట పంపుతారు?"

"పదికి పది నిమిషాల ముందు వచ్చి, నా పక్కన కూర్చోని చదవండి. ఫోన్ బయట పెట్టి రండి."

ప్రసాద్ నవ్వు ఆపుకోలేక తలుపు దాటాడు. సోమవారం పద్మనాభయ్య గారు పదికి పది నిమిషాలుండగా వచ్చాడు. ఫోన్ బయట బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుని, పెన్సిల్ గీతలతో సహా మొదటి లింకు నుంచి చదవడం మొదలుపెట్టాడు.