పదిహేడో వరుసలో ఒక తేడా

నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్లో అందరికీ తెలుసు, తాండూరులో నేను పనిచేసిన బండల పాలిషింగ్ యూనిట్‌లోనూ అందరికీ తెలుసు. అలాంటి నన్ను నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకునేలా చేసింది ఒక ప్రభుత్వ టెండరు అంటే ఎవరూ నమ్మరు.

రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేదాన్ని. ఉత్తరాలు, బిల్లులు, కంప్యూటరు నా పని. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. తాతల నాటి నుంచి దుకాణం నడిపిన ఇంటి మనిషి. ఆ ఇంట్లో ‘లేదు’ అనే మాట నోట రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి. గిరాకీ ఏది అడిగినా ముందు ‘అయితది’ అనాలి, అది ఎట్లా అవుతుందో తర్వాత చూసుకోవాలి. ఒకసారి ఎవరో ఫోన్ చేసి గుండ్రటి బండలు కావాలన్నారు. సేటు ‘అయితది’ అని ఫోన్ పెట్టేసి, మా మిస్త్రీ చాచాను పిలిచి గుండ్రంగా ఎట్లా కోయాలో నువ్వే చూసుకో అన్నాడు.

ఆ ఏడాది మా పరిస్థితి నిజంగా బాగాలేదు. జనం టైల్స్‌కి అలవాటు పడ్డారు. మాకు రెండు పాలిష్ మిషన్లు ఉండేవి. రెండోదాని దగ్గర బండలు కడిగి, తుడిచి, రంగు చూసి వేరుచేసే ఆడవాళ్లు ఆరుగురు. నెలాఖరుకు ఆ మిషన్ ఆపేస్తానని సేటు వాళ్లకు చెప్పేశాడు. చెప్పిన రోజు ఆయన అన్నం తినలేదు. సరిగ్గా అప్పుడే వికారాబాద్‌లో కట్టే ఆడపిల్లల హాస్టలుకు నేల బండల టెండరు కనబడింది. అది వస్తే ఆరుగురూ ఉంటారు. రాకపోతే వెళ్లిపోతారు. ఇంత తేలిక లెక్క నేను ఇంకెక్కడా చూడలేదు.

అంతకుముందు ఒకసారి టెండరు వేసి బోల్తా పడ్డాం. ప్రతి నిబంధనకూ ఎదురుగా మీ జవాబు రాయండి అంటే, సేటు లెటర్‌హెడ్ మీద ‘మీ షరతులన్నీ మాకు సమ్మతమే’ అని ఒక్క వాక్యం రాయించి ముద్ర కొట్టాడు. మొదటి వడపోతలోనే తీసేశారు. ధర కవరు తెరవనే లేదు.

“అన్నిటికీ ఒప్పుకున్నంక ఒక్కొక్కటి రాసుడెందుకు?” అని ఆయన చాలా రోజులు బాధపడ్డాడు.

“ఒప్పుకుంటే సరిపోతదా సేటూ, ఎట్ల ఇస్తరో సూపియ్యాలె గద” అన్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. యజమానికి పాఠం చెప్పే వయసు అదే.

అందుకని ఈసారి కంప్లయెన్స్ స్టేట్‌మెంట్ నా చేతికొచ్చింది. ముప్పై ఎనిమిది వరుసల పట్టిక. మొదటి గడిలో టెండరులోని నిబంధన, ఉన్నది ఉన్నట్టు. రెండో గడిలో మేం ఇచ్చేది. మూడో గడిలో రెండే మాటలు, ‘అనుగుణం’ లేదా ‘తేడా’. తేడా అయితే ఏమిటో, ఎందుకో రాయాలి. చివరి గడిలో రుజువు ఏ పేజీలో ఉందో. ఖాళీ వదిలితే అనుగుణం కానట్టే లెక్క. పెద్ద తేడా అనిపిస్తే తిరస్కరించే హక్కు వాళ్లదే.

ఆ పని ఇంత సరదాగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మందం ఎంత ఉండాలి? అడిగినంతే, ల్యాబ్ రిపోర్టు, పేజీ పద్నాలుగు. అంచులు? మిషన్ కోత, ఫొటో, పేజీ ఇరవై. వరుస తర్వాత వరుస జతపడుతుంటే పిచ్చి ఆనందం. ఇంతలో సేటు ఇంట్లో బీరువా వెతికి పాత సరఫరా సర్టిఫికెట్ ఒకటి పట్టుకొచ్చేవాడు. దాన్ని మధ్యలో పెడితే వెనక పేజీ నంబర్లన్నీ జరిగిపోయేవి. మళ్లీ మొదటి నుంచీ దిద్దాలి. మూడోసారి తెచ్చినప్పుడు ఆయన్ని గుమ్మంలోనే ఆపేశాను.

పన్నెండో వరుసకొచ్చేసరికి అనుమానం మొదలైంది. సరుకు మీద తయారీ బ్యాచ్ నంబరు ఉండాలట. చాచాను పిలిచి చదివి వినిపించాను.

“రాయి ఎప్పుడు తయారైందో నన్నడుగుతవా బేటా? అల్లానడుగు” అన్నాడాయన, చాలా గంభీరంగా.

నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరో టైల్స్ టెండరు తెచ్చి, టైల్ అన్న చోట రాయి అని మార్చి వదిలేశారన్నమాట. దానికి దారి దొరికింది. ఒక్కో బండల కట్టకు మా నంబరు మేమే వేస్తాం, అనుగుణం. కానీ పదిహేడో వరుస దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ‘బండలన్నీ ఒకే రంగులో ఉండాలి. ఛాయలో ఏమాత్రం తేడా ఉండరాదు.’

భూమిలోంచి తీసిన నాపరాయికి అది కుదరదు. ఇలాంటి సందేహాలు టెండరు వేయకముందే రాసి అడగాలి, వాళ్లు సబబనుకుంటే నిబంధనను సవరిస్తారు. అడిగే గడువు మేం టెండరు చూసేసరికే దాటిపోయింది. నేను ఆ గడిలో ‘తేడా’ అని కొట్టాను.

సేటు ప్రతి పేజీ మీదా సంతకం పెడుతూ వచ్చి అక్కడ పెన్ను ఎత్తేశాడు.

“గిదేంది బిడ్డా?”

“మనతోని కాదు సేటూ. అందుకే గట్ల రాసిన.”

“కాదని మనమే రాసిస్తమా? శాంపిల్ నాలుగు బండలే గద. నాలుగు ఒక్కతీర్గ ఏరి పంపుదాం. అయితది అని రాయి.”

“నాలుగు పంపుతరు. హాస్టల్ల నాలుగే పరుస్తరా?”

గొంతు కాస్త పెద్దదే అయింది. యంత్రం చప్పుడులోనూ బయటివాళ్లు తలలు తిప్పి చూశారు. సేటుకు కోపం రాలేదు, భయం వేసింది. ఒక్క తేడాతో బయటికి నెట్టేస్తే ఆ ఆరుగురికీ ఏం చెప్పాలని ఆయన దిగులు. నాకూ ఆ దిగులు ఉంది. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

మధ్యలో చాచా వచ్చాడు. ఆవరణలో పన్నెండు బండలు పక్కపక్కన పరిచి, బకెట్ నీళ్లు కుమ్మరించాడు. అంతవరకు దుమ్ముతో బూడిద రంగులో ఒకేలా ఉన్న బండలు పన్నెండు రకాలుగా బయటపడ్డాయి. ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో పొగలాంటి చార.

“హాస్టల్ నేల రోజూ కడుగుతరు సేటు” అన్నాడు చాచా.

సేటు వంగి ఆ తడి బండల్ని చూశాడు. తర్వాత లోపలికొచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. “సరే. తేడా అనే రాయి. కాని కారణం కాడ ‘లేదు’, ‘కాదు’ అనకు. నా లెటర్‌హెడ్ మీద ఆ మాట వద్దు.”

“మరేమనాలె?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. “రంగు ఒక్కతీర్గ ఉండుడు నిండుకున్నది అని రాయి.”

చాచా గోడకు ఆనుకున్నాడు. నేను కీబోర్డు మీద తల పెట్టేశాను. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. సేటు కాసేపు మమ్మల్ని వింతగా చూసి, తనూ మొదలుపెట్టాడు. ఆ నవ్వులోనే అసలు జవాబు దొరికింది. రాయి సహజమైనది కనుక ఛాయ మారుతుంది. ఒకే గనిలో ఒకే పొర రాయి ఇస్తాం, తడిపి చూసి, ఒక గదికి దగ్గరి ఛాయలు వచ్చేలా వేరుచేసి, గది నంబరు వేసి పంపుతాం. రుజువు, పన్నెండు తడి బండల ఫొటో. ఇరవై ఏడో పేజీ. మళ్లీ నంబర్లన్నీ జరిగాయి, ఈసారి నాకు కోపం రాలేదు. మధ్యాహ్నం గడువుకు ముందే డిజిటల్ సంతకంతో అన్నీ ఎక్కించి, మర్నాడు వికారాబాద్ ఆఫీసులో శాంపిల్ బండలు అప్పగించాం. ఏరినవి కాదు, చేతికొచ్చినవి.

మాతో కలిపి నలుగురు వేశారు. మిగతా ముగ్గురూ పదిహేడో వరుసలో ‘అనుగుణం’ అనే రాశారట. అందులో ఇద్దరు రుజువుగా పెట్టిన బ్రోచర్లలోనే ‘సహజ రాయిలో రంగు మారుట సహజం’ అని అచ్చయి ఉందట. ఏది నమ్మాలో రాసి పంపండని టెండరు కమిటీ ఆ ఇద్దరికీ ఉత్తరం ఇచ్చింది. మాకు మాత్రం, మీరు రాసినట్టు వేరుచేయగలరో లేదో వచ్చి చూస్తాం అన్నారు.

వికారాబాద్ నుంచి ఇంజనీరు వచ్చారు. పెద్దాయన, తక్కువ మాటలు. మా స్టేట్‌మెంట్ చేతిలో పట్టుకుని ఒక్కో వరుసా చూస్తూ యూనిట్ అంతా తిరిగారు. రెండో మిషన్ దగ్గర ఆడవాళ్లు తడి బండల్ని కుప్పలుగా వేరుచేస్తుంటే చాలాసేపు నిలబడ్డారు. చివర్లో వెళ్లబోతూ సేటు వైపు తిరిగారు.

“అన్నీ బాగనే ఉన్నయ్ సేటూ. జర కష్టపడితే మొత్తం బిల్డింగుకు ఒక్క రంగు ఇయ్యలేరా?”

గడువు దాటాక మాట మార్చకూడదు. ఇప్పుడీయన అలవాటుగా ‘అయితది’ అన్నాడంటే, మేం రాసినదాన్ని మేమే కొట్టేసినట్టు. అరవై ఏళ్లుగా ఎవరేమడిగినా ఆ ఒక్క మాటే అన్న నోరు అది. సేటు నోరు తెరిచాడు. మూశాడు. ఆడవాళ్ల వైపు చూశాడు.

“కాదు సార్” అన్నాడు. “మాతోని కాదు. రాసిచ్చినదే ఇస్తం.”

ఇంజనీరు తలూపి, కాగితం మీద ఏదో రాసుకుని జీపెక్కారు. జీపు గేటు దాటాక సేటు నీళ్ల డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. మా పద్ధతి కాదు కనుక మూడో గ్లాసు ఇచ్చాను.

బ్రోచర్లు పెట్టిన ఇద్దరూ పోగా, సాంకేతిక వడపోతలో ఇద్దరం మిగిలాం. ధరలు తెరిచిన రోజు నేను కంప్యూటరు ముందు నిలబడే ఉన్నాను, కూర్చుంటే కాళ్లు ఊరుకోవడం లేదు. మాదే తక్కువ. నేను వేసిన కేకకు చాచా మిషన్ ఆపేసి పరుగెత్తుకొచ్చాడు, ఎవరికో చెయ్యి నలిగిందనుకుని.

నేనే వెళ్లి ఆరుగురికీ చెప్పాను, రెండో మిషన్ ఆగదు అని. అందరికన్నా పెద్దామె బండ తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది.

“ఏం రాసినవ్ బిడ్డా, పని ఇచ్చిండ్రు?”

“మనతోని కాదని రాసిన.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “కాదంటే ఇచ్చిండ్రా?”

“ఆఁ.”

ఆమె వెనక్కి తిరిగి, మిగతా ఐదుగురినీ చేతులు కడుక్కుని రమ్మని పిలిచి, ఆ మాట నాతో మళ్లీ చెప్పించింది.