సెయాహత్ అనే లైను

ఆయన తను వాడి పక్కనపెట్టిన ఫోను నాకు పంపినప్పుడు అందులోని మాటలన్నీ టర్కీ భాషలోనే ఉన్నాయి. నా భర్త గగన్‌పహాడ్‌లో వెల్డింగ్ పని మానేసి, ఓడలు కట్టే యార్డులో పనికి టర్కీ వెళ్లి అప్పటికి రెండేళ్లు. సెలవు మీద వచ్చిన తోటి పనివాడి చేతికిచ్చి పంపాడు. "భాష ఇంగ్లీషుకు మార్చుకో" అన్నాడు. నేను మార్చలేదు. ఆయన రోజూ చూసే మాటలు నా కళ్ల ముందు కూడా ఉండాలనిపించింది. అర్థం కాకపోయినా సాతంరాయిలో మా ఇంట్లో రొట్టెలు చేస్తూ వాటిని చదువుకునేదాన్ని.

పదిహేను రోజులు ఉండి వచ్చేలా నేనే ఆయన దగ్గరికి వెళ్లడం ఖాయమైంది. అక్కడ దిగగానే పనిచేసేలా ఇంటర్నెట్‌కు ఒక ఈ-సిమ్, అంటే చిప్పు లేకుండా ఫోనులోకే ఎక్కే సిమ్, కొని, దాని కోడ్ బొమ్మను మెసేజ్‌లో పంపాడు. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం శంషాబాద్ బస్టాండ్ దగ్గర, అందరం చాచా అని పిలుచుకునే పెద్దాయన మొబైల్ షాపుకు వెళ్లాను. చాచా ఆ బొమ్మను కాగితం మీద ప్రింటు తీసి, నా సిమ్మును ఆయన పంపిన ఫోనులోకి మార్చి, షాపు వైఫై కలిపాడు. వైఫై మీదే నా పాత ఫోనులో నా భర్త వీడియో కాల్‌కి వచ్చాడు. అక్కడ తిండి వేళ. వెనక ఇనుము మీద ఇనుము మోగుతోంది.

"సెట్టింగుల్లకు పో. ఇగ ఈ-సిమ్ చేర్చు అని ఉంటది, నొక్కు. కెమెరా తెరుచుకుంటది."

కాగితం మీది గళ్లను కెమెరాకు చూపించాను. గుండ్రంగా ఏదో తిరిగింది, తెరలు మారాయి. కనిపించిన నీలం బటన్లన్నీ నొక్కుకుంటూ పోయాను. చివరికి రెండు సిమ్ములవీ రెండు లైన్లు కనిపించాయి.

"ఇప్పుడు రోమింగ్ ఆన్ చెయ్యాలె. వెరి దొలాషుము అని ఉంటది చూడు."

మొదటి లైను తెరిచి పక్కనున్న మీటను జరిపాను. అది పచ్చగా మారింది.

"పైన పేరేముంది?" అన్నాడు.

"బిరిన్‌జిల్."

"అయ్యో, అంటే మొదటిది. అది మన ఇండియా నంబరే! బంద్ చెయ్యి. గిట్లనే దిగితే పైసలన్నీ గుంజుకుంటది."

ఆపేశాను. వెనక్కి వచ్చి రెండోది తెరిచాను. అక్కడ మీట జరిపి కిందికి చూస్తే ఎర్రటి అక్షరాల్లో ఇంకొక మాట ఉంది.

"ఈ-సిమ్ పక్కన సిల్ అని ఉంది. సిమ్ అనే రాయబోయి తప్పు రాసిండ్రా ఏంది? నొక్కాల్నా?"

"ఆగు!"

ఆ అరుపుకి చాచా కూడా ఉలిక్కిపడ్డాడు.

"సిల్ అంటే తీసెయ్ అని. అది పోతే ఆ కోడ్ మళ్ల పనిచెయ్యదు."

నా వేలు గాలిలోనే ఉంది. రెండేళ్లుగా ఆయన ఇలాంటి మాటల మధ్య ఒక్కడే తడుముకుంటూ బతికాడని అప్పుడు తెలిసొచ్చింది.

"నువ్వు నేర్చుకునేటప్పుడు ఎవరు ఆపిండ్రు?" అని అడిగాను.

"ఎవరు లేరు," అంటూనే, "పరేషాన్ గాకు. రెండు లైన్లు కలగల్వకుండ దీనికి వేరే పేరు పెట్టు" అన్నాడు.

ఫోనే చూపించే పేర్ల జాబితా తెరిస్తే చాచా కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"సెయాహత్! ఇది మా మాటే బిడ్డా. సియాహత్ అంటం ఉర్దూల. ఊర్లు తిరుగుడు, ప్రయాణం."

అదే పెట్టాను. కానీ ఆ లైనుకు సిగ్నల్ గీతలు రాలేదు. చెడగొట్టానా అని అడిగాను.

"అది ఆడ దొరకది," అన్నాడాయన. "ఈ నేల మీద దిగినంక డాటాను సెయాహత్‌కు మార్చు. అప్పుడు వస్తది."

మర్నాడు విమానం దిగి అలాగే మార్చాను. విమానం దగ్గర్నుంచి లోపలికి తీసుకెళ్లే బస్సులో నిలబడి చూస్తుంటే ఒక గీత, తర్వాత మూడు గీతలు వచ్చాయి. "వచ్చిన" అని రాశాను. "కనబడే తీరుగ గేటు ముందట్నే ఉన్న" అని వెంటనే జవాబు. బయటికొచ్చి చూస్తే ఆయన చాలా సన్నబడ్డాడు. నా సంచీ తీసుకుని మోస్తూ పక్కన నడిచాడు.

పదిహేను రోజులు ఎలా గడిచాయో తెలియదు. తిరిగి శంషాబాద్‌లో దిగాక ఫోను చూస్తే, ఆయన కొన్నది నెల రోజుల ప్లాన్ అని అప్పుడు గమనించాను. ఇంకా సగం నెల మిగిలే ఉంది. ఇక్కడ ఒక్క గీత కూడా లేదు. అయినా సెయాహత్ అనే ఆ పేరు నా కళ్ల ముందు ఉండాలని, గడువు తీరేదాకా ఆ లైనును ఆన్‌లోనే ఉంచాను.